ఎవరికి, ఏమిటి, ఎప్పుడు: స్లాక్‌లో రిమైండర్లు

ఆఫీసు పనిలో మాట ఇవ్వడం ఇప్పుడు చాలావరకు చాట్‌లోనే జరుగుతోంది. "సాయంత్రానికి పంపిస్తాను", "రేపు చూసి చెప్తాను", "శుక్రవారం గుర్తు చెయ్యండి" అని రాస్తాం. రాసినవాళ్లు నిజంగా చేద్దామనే రాస్తారు. కానీ గంట గడిచేసరికి ఆ మాట మీద నలభై మెసేజ్‌లు పడి అది పైకి వెళ్లిపోతుంది. కాగితం మీద రాసుకున్నదైతే బల్ల మీద కనిపిస్తూ ఉంటుంది. చాట్‌లో అన్న మాట ఎవరైనా వెతికితే తప్ప మళ్లీ కంటపడదు.

మాట ఎక్కడ ఇచ్చామో అక్కడే దానికి గడువు కూడా పెట్టుకునే వీలు స్లాక్‌లో ఉంది. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు ఐటీ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి స్లాక్ రోజూ తెరిచి ఉండే కిటికీయే. అయినా అందులోని `/remind` అనే కమాండ్‌ను పూర్తిగా వాడుకునేవాళ్లు తక్కువ. వాడేవాళ్లు కూడా తమకోసం ఒకటి రెండు పెట్టుకుని ఊరుకుంటారు. తోటివారికి, మొత్తం ఛానెల్‌కి పెట్టినప్పుడు దాని నడక ఎలా మారుతుందో తెలియకపోవడం వల్ల, గుర్తు చేశామనే అనుకుంటాం, ఎవరికీ గుర్తు రాదు.

మెసేజ్ రాసే పెట్టెలో ముందుగా ఏటవాలు గీత పెట్టి ఒక పదం రాస్తే, అది మనుషులకు చెప్పే మాట కాదని, యంత్రానికిచ్చే ఆజ్ఞ అని అర్థం. ఈ పద్ధతి స్లాక్ కనిపెట్టింది కాదు. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ తయారుచేసిన ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థలో కూడా గదిలోకి వెళ్లడానికి `/join`, ఒకరితో విడిగా మాట్లాడటానికి `/msg` అని కొట్టేవారు. 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చిన స్లాక్ ఆ అలవాటును అలాగే తీసుకుంది. కమాండ్ ఎప్పుడూ మెసేజ్‌లో మొట్టమొదటి అక్షరం నుంచే మొదలవ్వాలి. గీతకు ముందు ఖాళీ వదిలినా, వాక్యం మధ్యలో రాసినా అది మామూలు మెసేజ్‌గా అందరికీ వెళ్లిపోతుంది.

కమాండ్‌కు మూడు భాగాలుంటాయి: ఎవరికి, ఏమిటి, ఎప్పుడు. వరుస కూడా అదే.

```
/remind me "క్లయింట్ నివేదిక పంపాలి" tomorrow at 4pm
```

`me` అంటే నాకే. కోట్ గుర్తుల మధ్య ఉన్నది విషయం. చివరిది సమయం. విషయం తెలుగులో రాసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. సమయాన్ని మాత్రం ఇంగ్లీషు మాటల్లోనే చెప్పాలి. "రేపు నాలుగింటికి" అంటే దానికి తెలియదు. `in 20 minutes`, `on Friday at 11am`, `every weekday at 10am` లాంటివి తెలుస్తాయి.

ఎంటర్ నొక్కగానే స్లాక్‌బాట్ జవాబిస్తుంది. స్లాక్‌బాట్ అంటే ఈ పనులు చూసే యంత్రం పేరు. మీకోసమే పెట్టుకున్న రిమైండర్ అయితే ఆ జవాబు మీకు తప్ప ఎవరికీ కనిపించదు. ఏ విషయాన్ని, ఎప్పుడు గుర్తు చేస్తుందో అందులో తిరిగి చెబుతుంది. దాన్ని చదవకుండా వేరే పనిలోకి వెళ్లడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మీరన్నది దానికి ఎలా అర్థమైందో తెలుసుకోవడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం. అర్థం కాకపోతే, మాటల వరుస మార్చి చూడమంటూ పై మూడు భాగాల నమూనాను చూపిస్తుంది. అర్థం కాలేదని అది చెబితే మనం సరిచేసుకుంటాం. తప్పుగా అర్థం చేసుకుని "సరే" అన్నప్పుడే చిక్కు.

తప్పుగా అర్థమయ్యేది చాలావరకు సమయమే. ఉదాహరణకు ఐదింటి మీటింగ్ కోసం స్లయిడ్లు సిద్ధం చేసుకోమని నాలుగింటికి గుర్తు చేయించుకోవాలనుకోండి. కోట్ గుర్తులు లేకుండా రాస్తే ఒకే వాక్యంలో రెండు సమయాలు వస్తాయి. గుర్తు చేయాల్సింది ఏ సమయానికో యంత్రం ఊహించుకోవాల్సి వస్తుంది. కోట్ గుర్తులు పెడితే లోపలున్నది విషయమని, బయట ఉన్నదే సమయమని తేలిపోతుంది.

```
/remind me "5pm మీటింగ్‌కి స్లయిడ్లు" at 4pm
```

తేదీల సంగతీ ఇంతే. మనం 5/6 అంటే జూన్ ఐదు. అమెరికా పద్ధతిలో అది మే ఆరు. అంకెల్లో రాయకుండా `on June 5 at 10am` అని నెల పేరు రాస్తే సందేహానికి తావుండదు. తేదీ చెప్పి గంట చెప్పకపోతే స్లాక్ ఆ రోజు ఉదయం 9 గంటలకు గుర్తు చేస్తుంది. పదకొండింటికి ఆఫీసుకు చేరేవాళ్లకు తొమ్మిదింటి రిమైండర్ దారిలో ఉండగా వచ్చి, చూసీ చూడకుండా పోతుంది. అందుకే గంట ఎప్పుడూ చెప్పడమే మంచిది. రాత్రిపూట నోటిఫికేషన్లు ఆగేలా పెట్టుకున్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆ వేళల్లో రిమైండర్ వచ్చినా ఫోన్ మోగదు. రాత్రి పదకొండింటికి సర్వర్ చూడాలని పెట్టుకుని, పదింటి నుంచి నోటిఫికేషన్లు ఆపేసుకుంటే ఆ రిమైండర్ కనిపించేది మర్నాడు పొద్దున్నే.

ఒక మెసేజ్‌కు జవాబుల వరుసగా సాగే థ్రెడ్‌లో ఈ కమాండ్ పనిచేయదు. కొట్టి చూస్తే థ్రెడ్లలో కుదరదని స్లాకే చెబుతుంది. మాట ఇచ్చేది మాత్రం ఎక్కువగా థ్రెడ్లలోనే కదా. దానికి దారి, ఆ మెసేజ్ దగ్గరున్న మెనూలోనే ఉంది. మెసేజ్ మీదికి మౌస్ తీసుకెళ్తే వచ్చే మెనూలో దాని గురించి గుర్తు చేయమని చెప్పే వీలుంటుంది. ఇరవై నిమిషాలకా, గంటకా, రేపటికా అని అక్కడే ఎంచుకోవచ్చు. రిమైండర్ వచ్చినప్పుడు ఆ మెసేజ్ కూడా వెంట వస్తుంది కాబట్టి సందర్భం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఎవరైనా అడిగినదానికి "చూస్తాను" అని జవాబు రాసిన వెంటనే ఇది చేసే అలవాటుంటే, కమాండ్ కొట్టాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది. కానీ ఇది మనకోసం మాత్రమే. ఇతరులకు పెట్టాలంటే మళ్లీ `/remind` దగ్గరికే రావాలి.

`me` ఉన్న చోట తోటి ఉద్యోగి పేరు పెడితే రిమైండర్ వాళ్లకు వెళ్తుంది. టీమ్‌లో లక్ష్మి గారని ఒకరున్నారనుకుందాం.

```
/remind @lakshmi "టెస్ట్ ఫలితాలు షీట్‌లో ఎక్కించండి" in 2 hours
```

రెండు గంటల తర్వాత స్లాక్‌బాట్ లక్ష్మి గారికి విడిగా మెసేజ్ పంపుతుంది. ఎవరు గుర్తు చేయమన్నారో కూడా అందులో చెబుతుంది. ఇక్కడే నా గట్టి అభిప్రాయం ఒకటి చెప్పాలి. ముందు మనిషితో మాట్లాడకుండా యంత్రం చేత గుర్తు చేయించకూడదు. "లక్ష్మి గారూ, ఫలితాలు నాలుగింటికల్లా కావాలి, మూడున్నరకు ఒకసారి గుర్తు పెట్టనా?" అని అడిగి, ఆవిడ "పెట్టండి" అన్నాక పెడితే అది ఇద్దరికీ సాయం. అడగకుండా పెడితే అదే మాట తనిఖీలా ఉంటుంది. పైగా పెట్టినవారి పేరుతోనే వస్తుంది. మనకన్నా పెద్ద హోదాలో ఉన్నవారికి, మన మేనేజర్‌కు ఇలా పెట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ల నుంచి ఏదైనా రావాల్సి ఉంటే, వాళ్లను అడగాలని మనకు మనమే రిమైండర్ పెట్టుకుని, ఆ సమయానికి మనమే మర్యాదగా మెసేజ్ రాయడం మేలు.

ఇంకొకరికి పదేపదే వచ్చే రిమైండర్లు స్లాక్ పెట్టనివ్వదు. `every Friday` లాంటివి మనకూ ఛానెల్‌కూ మాత్రమే. ఇంకో మనిషికి ఒక్కసారి వచ్చేదే కుదురుతుంది. ఇది మంచి నియమమే. ఒకరి తలమీద ప్రతివారం మోగే గంటను ఇంకొకరు వేలాడదీయకూడదు. లక్ష్మి గారు ప్రతి శుక్రవారం చేయాల్సిన పనైతే, ఆ కమాండ్‌ను లక్ష్మి గారే తనకోసం `me` అని పెట్టుకోవాలి. ఎలా పెట్టాలో చూపించడం వరకే మన పని. వేరే దేశంలో ఉన్న సహోద్యోగికి పెట్టేటప్పుడు `at 4pm` అనకుండా పై ఉదాహరణలోలా `in 2 hours` అనడం నయం. నాలుగు అంటే ఎక్కడి నాలుగు అన్న ప్రశ్న వస్తుంది. రెండు గంటలు మాత్రం భూమ్మీద ఎక్కడైనా రెండు గంటలే.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఛానెల్ రిమైండర్ల దగ్గరే.

```
/remind #release-team "టైమ్‌షీట్లు నింపండి" every Friday at 4pm
```

ఇది కొట్టగానే, ఫలానావారు ఈ ఛానెల్‌లో ఫలానా రిమైండర్ పెట్టారన్న వాక్యం ఛానెల్‌లో అందరికీ కనిపిస్తుంది. ఏ టైమ్ జోన్ ప్రకారమో కూడా అందులో ఉంటుంది. అందుకని నేర్చుకోవడం కోసం చేసే ప్రయోగాలు ఛానెల్‌లో చేయవద్దు. ముందు `me` అని పెట్టి, స్లాక్‌బాట్ జవాబు సరిగా ఉందో చూసుకుని, తర్వాత ఛానెల్ పేరుతో అదే వాక్యం కొట్టాలి.

శుక్రవారం నాలుగింటికి స్లాక్‌బాట్ ఆ మాటను ఛానెల్‌లో వేస్తుంది. కానీ చాలామంది తమ స్లాక్‌ను తమ పేరు ప్రస్తావించినప్పుడే ఫోన్ మోగేలా పెట్టుకుంటారు. పేరు లేని మెసేజ్‌కు ఛానెల్ పేరు ముదురు అక్షరాల్లోకి మారుతుంది, అంతే. ఎడమవైపు అలా ముదురు అక్షరాల్లో ఇరవై ఛానెళ్లు కనిపించేవారికి అందులో ఇదొకటి. ఇలాంటి రిమైండర్ ఊళ్లో వేసే చాటింపు లాంటిది, విన్న ప్రతివాడూ అది పక్కవాడి కోసమనుకుంటాడు. రెండు వారాలు ఎవరూ స్పందించకపోతే మూడో వారానికి ఆ మెసేజ్ కళ్లకు ఆనడమే మానేస్తుంది.

దీనికి పని చేసే మందు ఒకటే: విషయంలోనే ఒక మనిషి పేరు పెట్టడం. అందరూ చేయాల్సిన పనికి కూడా దాన్ని చూసుకునే ఒక్కరుంటారు. టైమ్‌షీట్లకైతే ఎవరెవరు నింపలేదో చూసే వ్యక్తి ఆ పేరు. అందరినీ కదిలించే `@channel`ను, అప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నవారిని కదిలించే `@here`ను పదేపదే వచ్చే రిమైండర్లలో పెట్టవద్దని నా సలహా. అవి నెలకొకసారి వాడితే విలువ ఉంటుంది. ప్రతిరోజూ మోగితే జనం ఆ ఛానెల్‌ను మ్యూట్ చేసుకుంటారు. ఆ తర్వాత నిజంగా అత్యవసరమైనది వచ్చినా వాళ్లకు చేరదు.

ఇప్పుడు ఒక టీమ్‌ను తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. హైదరాబాద్‌లో ఆరుగురు, న్యూజెర్సీలో క్లయింట్ వైపు ఇద్దరు. రోజూ న్యూజెర్సీ వాళ్ల ఉదయం తొమ్మిదింటికి పావుగంట స్టాండప్ కాల్. కాల్‌కు పది నిమిషాల ముందు ప్రతిరోజూ గుర్తు చేయాలి. నిన్న ఆగిపోయిన పనులను ఎవరో ఒకరు ఛానెల్‌లో రాసి పెట్టాలి. వేసవిలో అక్కడి తొమ్మిది మనకు సాయంత్రం ఆరున్నర. కాబట్టి హైదరాబాద్‌లో టీమ్ లీడ్ ఇలా పెడతారు.

```
/remind #release-team "@lakshmi ఆగిన పనులు రాయండి, 10 నిమిషాల్లో కాల్" every weekday at 6:20pm
```

`every weekday` అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఇది చక్కగా నడుస్తుంది. తర్వాత నవంబర్ వస్తుంది. అమెరికాలో ఏటా మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. 2026లో అయితే ఆ రోజులు మార్చి 8, నవంబర్ 1. మన గడియారం ఎప్పుడూ మారదు. న్యూజెర్సీవాళ్లు నవంబర్ 2 సోమవారం ఎప్పటిలాగే తమ తొమ్మిదింటికే కాల్ పెడతారు. అది మనకిప్పుడు ఏడున్నర. మన రిమైండర్ మాత్రం ఆరూ ఇరవైకే వచ్చి "10 నిమిషాల్లో కాల్" అంటుంది. లక్ష్మి గారు హడావుడిగా రాసి కాల్‌లోకి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. ఇది శీతకాలపు తప్పు. దీన్ని చూసి నవంబర్‌లో ఏడూ ఇరవైకి మార్చుకున్నవాళ్లకు మార్చిలో ఇంకా పెద్ద దెబ్బ తగులుతుంది. అప్పుడు రిమైండర్ వచ్చేసరికి కాల్ ముగిసి ఉంటుంది.

లోపం కమాండ్‌లో లేదు, దాన్ని ఎవరు పెట్టారన్నదాంట్లో ఉంది. రిమైండర్ నడిచేది పెట్టిన మనిషి టైమ్ జోన్‌లో. కాల్ నడిచేది న్యూజెర్సీ గడియారంలో. కాబట్టి దాన్ని పెట్టాల్సింది న్యూజెర్సీ మనిషే. అక్కడి సహోద్యోగి అదే విషయాన్ని `every weekday at 8:50am` అని పెడితే వేసవిలో మనకు ఆరూ ఇరవైకీ, శీతకాలంలో ఏడూ ఇరవైకీ వస్తుంది. స్లాక్‌బాట్ జవాబులో తూర్పు అమెరికా సమయం పేరు కనిపిస్తే సరిగా పడినట్టు. గడియారాలు మారిన తర్వాతి సోమవారం మాత్రం ఒకసారి సరిచూసుకోవడం మంచిది. దీనికి తిరగేసిన నియమమూ నిజమే. పని హైదరాబాద్ గడియారంతో ముడిపడినదైతే, అంటే మన జీతాల లెక్కల గడువు లాంటిదైతే, దాన్ని హైదరాబాద్‌లో ఉన్నవారే పెట్టాలి.

ఈ ఏర్పాటుకు ఇంకా రెండు హద్దులున్నాయి. స్లాక్‌కు సెలవులు తెలియవు. సంక్రాంతి నాడూ లక్ష్మి గారి పేరు పిలుస్తుంది, అమెరికా థ్యాంక్స్‌గివింగ్ గురువారం నాడూ పిలుస్తుంది. రెండోది, పని అయిపోయిందో లేదో దానికి తెలియదు. ఆవిడ ఆరు గంటలకే అంతా రాసేసినా ఆరూ ఇరవైకి రాయమనే అడుగుతుంది. పని పూర్తయితే ఆగిపోయే గుర్తు కావాలంటే, పనుల జాబితాలు నడిపే వేరే సాధనం వాడుకోవాలి. నెలలో చివరి పనిదినం, మొదటి సోమవారం లాంటి లెక్కలు కావాలన్నా ఈ కమాండ్‌ను నమ్ముకోకూడదు. వాటికి క్యాలెండరే సరైన చోటు.

లక్ష్మి గారు వేరే టీమ్‌కు మారినప్పుడు ఏం చేయాలి? ఛానెల్‌లో ఉన్న రిమైండర్‌లో పేరు ఒక్కటీ మార్చడం కంటే పాతది తీసేసి కొత్తది పెట్టడమే సులువు. ఆ ఛానెల్‌లోకి వెళ్లి ఇలా కొట్టాలి.

```
/remind list
```

మీరు మీకోసం పెట్టుకున్నవి, ఆ ఛానెల్‌కు పెట్టినవి వరుసగా కనిపిస్తాయి. పక్కనే తొలగించే వీలుంటుంది. ఈ జాబితా తెరిచినప్పుడు ముందుగా చూడాల్సింది ఒకే పనికి రెండు రిమైండర్లు ఉన్నాయేమో అని. సమయం మారినప్పుడు కొత్తది పెట్టి పాతది తీయడం మరిచిపోవడం వల్ల ఇది తరచూ జరుగుతుంది. తర్వాత, విషయంలో పేరున్న మనిషి ఇంకా ఆ పనిలోనే ఉన్నారా అని. ఆ తర్వాత, గత వారం ఆ రిమైండర్ వచ్చాక ఛానెల్‌లో ఎవరైనా ఏదైనా చేశారా అని పైకి వెళ్లి చూడాలి. ఎవరూ కదలకపోతే దాన్ని తీసేసి, ఆ పని ఎవరిదో టీమ్‌లో మాట్లాడుకుని, ఒప్పుకున్న మనిషి చేత `/remind me` అని పెట్టించండి.